‘మన జట్టు గెలిచింది నాన్నా, నేను ఓడిపోయాను’

ప్రశ్న: నమస్కారం. మాది తెనాలి. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. అక్టోబరులో నేను, మా ఆవిడ న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వచ్చాం. ఆదివారం వస్తే వాడి స్నేహితులు నలుగురైదుగురు హాల్లో చేరి అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తారు. నేనూ వాళ్లతో కూర్చుంటాను కానీ ఏమీ తెలియదు. ఆట మొదలుకాకముందే తెర మీద -3.5, +150, O 46.5 అంటూ అంకెలు వస్తాయి. పిల్లలు ఆట గురించి కంటే వాటి గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు. పోయిన వారం మావాడు అభిమానించే జట్టు గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు మాత్రం మొహం ముడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఏమైందిరా అంటే, ‘మన జట్టు గెలిచింది నాన్నా, నేను ఓడిపోయాను’ అన్నాడు. పందెం కాస్తున్నాడని అప్పుడే తెలిసింది. గెలిచిన జట్టు మీద డబ్బు పెట్టినవాడు ఎలా ఓడిపోతాడు? పెద్ద మొత్తం పోగొట్టుకుని నాకు కథ చెబుతున్నాడేమోనని భయంగా ఉంది. గట్టిగా అడుగుదామంటే, ‘పరాయి దేశంలో, కోడలి ముందు వద్దు’ అని మా ఆవిడ ఆపుతోంది. ముందు ఆ అంకెలేమిటో చెప్పండి. తరువాత ఏం చేయాలో చెప్పండి.

— పేరు వద్దన్న ఒక తండ్రి

సమాధానం:

అయ్యా, మీ అబ్బాయి చెప్పినది అక్షరాలా నిజమయ్యే అవకాశం చాలా ఉంది. ఆ వాక్యం అమెరికాలో ప్రతి ఆదివారం రాత్రి ఎన్నో ఇళ్లలో వినిపిస్తుంది. అందులో దాపరికం ఉందో లేదో తేల్చుకోవాలంటే మీరు అడిగిన వరుసలోనే వెళ్లడం మంచిది. అంకెలు అర్థం కాకుండా అబ్బాయితో మాట్లాడితే మీరు ఒకటి అడుగుతారు, అతను వేరొకటి చెబుతాడు.

ఆట నియమాలన్నీ ఇప్పుడు అక్కరలేదు. పాయింట్లు ఎలా వస్తాయో తెలిస్తే ఈ మూడు అంకెలకూ సరిపోతుంది. బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించి తీసుకెళ్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు. ఆ వెంటనే గోల్ కర్రల మధ్య నుంచి బంతిని తన్నితే ఇంకొకటి. అందుకే స్కోరు ఎక్కువగా ఏడేసి చొప్పున పెరుగుతుంది. తన్నే బదులు మరోసారి గీత దాటించి 2 తెచ్చుకునే వీలూ ఉంది కానీ, అది కష్టం. చివరిదాకా వెళ్లలేమని తోస్తే దూరం నుంచే కర్రల మధ్యకు తన్ని 3 పాయింట్లు తీసుకుంటారు, అది ఫీల్డ్ గోల్. అరుదుగా వచ్చే మరో రెండు పాయింట్ల పద్ధతిని పక్కన పెట్టండి. ఆట పావుగంట చొప్పున నాలుగు భాగాలు. ఈ 7, 3 అనే అంకెలను మాత్రం గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తాయి.

మీ ఇంట్లో పోయిన వారం ఏ ఆట చూశారో మీరు రాయలేదు. అందుకని మీ అబ్బాయి మాటకు అచ్చుగుద్దినట్టు సరిపోయే పాత ఆట ఒకటి తీసుకుంటాను. 2022 ఫిబ్రవరి 13న లాస్ ఏంజెలెస్ దగ్గర ఇంగిల్‌వుడ్‌లోని సోఫై స్టేడియంలో జరిగిన సూపర్ బౌల్, అంటే సీజను విజేతను తేల్చే ఆఖరి ఆట అది. లాస్ ఏంజెలెస్ ర్యామ్స్‌కూ సిన్సినాటి బెంగల్స్‌కూ పోటీ. ఆట మొదలయ్యే ముందు పందేల పట్టిక చాలాచోట్ల సుమారుగా ఇలా ఉంది. దుకాణానికీ దుకాణానికీ కొద్ది తేడాలు ఎప్పుడూ ఉంటాయి.

```
      SPREAD       ML     TOTAL
LAR   -4.5 (-110)  -200   O 48.5 (-110)
CIN   +4.5 (-110)  +170   U 48.5 (-110)
```

మొదటి నిలువు వరుస పాయింట్ స్ప్రెడ్. మీ చిన్నప్పుడు పరుగు పందేల్లో పెద్దపిల్లవాణ్ణి పది అడుగులు వెనక నిలబెట్టి పరిగెత్తించిన సందర్భాలు గుర్తుండే ఉంటాయి. అలా చేయకపోతే ఎవరు గెలుస్తారో ముందే తెలుసు కనుక పందేనికి ఎవరూ రారు. స్ప్రెడ్ చేసే పని అదే. ర్యామ్స్ బలమైన జట్టని అందరూ అనుకుంటున్నారు. కాబట్టి పందెం లెక్కలో ఆ జట్టు నాలుగున్నర పాయింట్లు వెనక నుంచి మొదలవుతుంది. అదే -4.5. బెంగల్స్‌కు ఆ నాలుగున్నర ముందే చేతిలో పెడతారు. అదే +4.5. మైనస్ గుర్తు ఉన్నది గెలుస్తుందనుకునే జట్టు, దాన్ని ఫేవరెట్ అంటారు. ప్లస్ గుర్తు ఉన్నది అండర్‌డాగ్. మైదానంలో ఆడేవాళ్లకు ఈ అంకెతో ఏ సంబంధమూ లేదు. అక్కడ స్కోరు 0-0 తోనే మొదలవుతుంది. వెనక నిలబెట్టడమంతా పందెం కాసేవాడి కాగితం మీదే.

కనుక ర్యామ్స్ -4.5 మీద డబ్బు పెట్టినవాడికి ర్యామ్స్ గెలవడం చాలదు, కనీసం 5 పాయింట్ల తేడాతో గెలవాలి. బెంగల్స్ +4.5 తీసుకున్నవాడికి బెంగల్స్ గెలిచినా సరే, నాలుగు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడినా సరే.

ఇప్పుడు ఆటలోకి వెళ్దాం. మీ హాల్లో ముగ్గురు కుర్రాళ్లు కూర్చున్నారనుకోండి. ఒకరు ర్యామ్స్ -4.5 మీద 110 డాలర్లు పెట్టారు. రెండో అతను స్ప్రెడ్ జోలికి పోకుండా ర్యామ్స్ గెలుస్తుందని 200 డాలర్లు పెట్టాడు. మూడో అతను ఎవరు గెలిచినా తనకు అనవసరమని, పాయింట్లు బాగా వస్తాయని చివరి వరుసలోని O 48.5 మీద 110 పెట్టాడు.

ర్యామ్స్ మొదట టచ్‌డౌన్ చేసి 7-0కి వెళ్లింది. బెంగల్స్ ఫీల్డ్ గోల్‌తో 7-3 చేసింది. రెండో భాగంలో ర్యామ్స్ ఆటగాడు కూపర్ కప్ మరో టచ్‌డౌన్ చేశాడు. దాని వెంట వచ్చే ఒక్క పాయింటు కోసం తన్నబోతుంటే, బంతిని నేల మీద పట్టి నిలపాల్సిన మనిషి చేతిలో అది కుదురుకోలేదు. తన్నడమే కుదరలేదు. 14-3 కావలసింది 13-3 దగ్గర ఆగింది. మామూలు ప్రేక్షకుడు దాన్ని ఐదు నిమిషాల్లో మరచిపోతాడు. స్ప్రెడ్ మీద డబ్బు పెట్టినవాళ్లు ఆ రాత్రంతా మరచిపోలేదు.

విరామానికి 13-10. విరామం తరువాత మొదటి ఎత్తులోనే బెంగల్స్ 75 గజాల టచ్‌డౌన్ చేసి 17-13తో ముందుకు వచ్చింది, ఆ పైన ఫీల్డ్ గోల్‌తో 20-13. ర్యామ్స్ ఒక ఫీల్డ్ గోల్ తెచ్చుకుని 20-16కు దగ్గరైంది. అక్కడి నుంచి చాలాసేపు ఎవరికీ పాయింటు రాలేదు. ఆట ముగియడానికి 1 నిమిషం 25 సెకన్లు ఉండగా కూపర్ కప్ మళ్లీ టచ్‌డౌన్ చేశాడు. ఈసారి ఆ ఒక్క పాయింటు కూడా వచ్చింది. 23-20. బెంగల్స్ చివరి ప్రయత్నాన్ని ర్యామ్స్ ఆటగాడు ఆరన్ డోనాల్డ్ చెడగొట్టాడు. బంతి ర్యామ్స్ చేతికి వచ్చింది. గడియారంలో మిగిలిన సెకన్లు కరిగిపోయేలా వాళ్లు మోకాలు నేలకు ఆనించి ఊరుకున్నారు. సొంత నగరంలో సూపర్ బౌల్ గెలిచారు.

మీ హాల్లోని ముగ్గురినీ ఇప్పుడు చూడండి. ర్యామ్స్ గెలిచింది, తేడా 3. స్ప్రెడ్ కాసిన కుర్రాడికి కనీసం 5 కావాలి. అతని 110 డాలర్లు పోయాయి. అదే జట్టు మీద, అదే ఆటలో, వట్టి గెలుపు మీద డబ్బు పెట్టిన రెండో అతనికి 100 డాలర్ల లాభం. టీవీలో రంగు కాగితాలు ఎగురుతుంటే ఇద్దరూ ఒకే జట్టు బనీను తొడుక్కుని పక్కపక్కన కూర్చున్నారు. ఒకరు కేకలు వేస్తున్నారు, ఒకరు మౌనంగా ఉన్నారు. మీరు చూసిన దృశ్యం ఇదే అయి ఉంటుంది.

ఆఖరున ర్యామ్స్ ఆటగాళ్లు మోకాలు ఆనించారని చెప్పాను కదా. స్ప్రెడ్ అర్థమైందో లేదో తేల్చే చోటు అదే. ఇంకో రెండు పాయింట్లు ఎక్కువ తెస్తే మొదటి కుర్రాడి డబ్బు దక్కేది. కానీ ఆ జట్టుకు కావలసింది కప్పు. ప్రమాదం లేకుండా ఆట ముగించడమే వాళ్లకు తెలివైన పని. జట్టు గెలవాలని కోరుకోవడమూ, జట్టు ఇంత తేడాతో గెలవాలని కోరుకోవడమూ ఒక్కటి కావు. ఆఖరి నిమిషాల్లో ఆ రెండూ విడిపోతాయి. దీనికి తిరగేసిన సందర్భమూ చూస్తారు. ఒక జట్టు పది పాయింట్లు వెనకబడి, ఓటమి ఖాయమైపోయాక, చివరి సెకన్లలో ఒక టచ్‌డౌన్ చేస్తుంది. గెలుపోటములు మారవు, కానీ హాల్లో సగం మంది లేచి అరుస్తారు. వాళ్ల చేతిలో +4.5 లాంటి కాగితం ఉందన్నమాట.

అర పాయింటు ఎందుకని మీకు అనిపించే ఉంటుంది, మైదానంలో అర పాయింటు లేదు కదా. అది తగవు తీర్చడానికి. స్ప్రెడ్ సరిగ్గా 4 అయి, ఆట సరిగ్గా 4 తేడాతో ముగిస్తే పందెం చెల్లదు, ఎవరి డబ్బు వాళ్లకు తిరిగి ఇస్తారు. దాన్ని పుష్ అంటారు. అర పాయింటు ఉంటే పుష్ రాదు. పైన జారిపోయిన ఆ ఒక్క పాయింటు సంగతి మళ్లీ గుర్తుకు తెచ్చుకోండి. అది వచ్చి, మిగతాదంతా అలాగే జరిగి ఉంటే 24-20 అయ్యేది, తేడా 4. ర్యామ్స్ -4 దొరికినవాడికి డబ్బు వెనక్కి వచ్చేది. -4.5 తీసుకున్నవాడికి అప్పుడూ పోయేదే. 3, 7 అంకెలను గుర్తుంచుకోమన్నది కూడా ఇందుకే. పాయింట్లు వచ్చే తీరు వల్ల ఈ ఆటలో గెలుపు తేడా అన్నింటికంటే ఎక్కువసార్లు 3 అవుతుంది, 7 కూడా తరచూ వస్తుంది. అందుచేత -2.5కూ -3.5కూ మధ్య ఉన్న ఒక్క పాయింటు, -4.5కూ -5.5కూ మధ్య ఉన్న ఒక్క పాయింటు కంటే చాలా బరువైనది. మీ ఇంట్లో పిల్లలు ఆటకు ముందు అర పాయింటు గురించి వాదించుకుంటున్నారంటే బహుశా ఈ 3 దగ్గరే.

అంకె ఒకసారి పెట్టాక అలాగే ఉండదు, వచ్చే పందేలను బట్టి, గాయాల వార్తలను బట్టి కదులుతుంది. దాని వల్ల పందెం నడిపేవాళ్లకే దెబ్బ తగిలిన సంగతి ఒకటి నేటికీ చెప్పుకుంటారు. 1979 జనవరిలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్, డాలస్ కౌబాయ్స్ సూపర్ బౌల్ ఆడాయి. స్టీలర్స్ మీద -3.5తో మొదలైన అంకె డబ్బు ఒకవైపు పోటెత్తడంతో -4.5కు జరిగింది. ఆట 35-31తో ముగిసింది, తేడా సరిగ్గా 4. మొదట్లో స్టీలర్స్ -3.5 తీసుకున్నవాళ్లూ గెలిచారు, చివర్లో కౌబాయ్స్ +4.5 తీసుకున్నవాళ్లూ గెలిచారు. లాస్ వేగాస్‌లో రెండు వైపులా చెల్లించాల్సి వచ్చింది. ఒకే ఆట మీద ఒకే జట్టును నమ్మిన ఇద్దరిలో ఒకరు గెలిచి ఒకరు ఓడటం కూడా ఇలాగే జరుగుతుంది. ఎప్పుడు కాశాడో, ఏ అంకె దగ్గర కాశాడో అడగకుండా ఫలితం చెప్పలేం.

ఇక కుండలీకరణంలోని -110. ఇది పాయింట్ల లెక్క కాదు, ధర. మైనస్ పక్కన ఉన్న అంకె 100 డాలర్ల లాభం కోసం ఎంత పెట్టాలో చెబుతుంది. 110 పెడితే, గెలిచినప్పుడు ఆ 110తో పాటు 100 వస్తుంది. ఓడితే 110 పోతుంది. ఆ పది డాలర్ల తేడా పందెం నడిపేవాళ్ల ఆదాయం. చూడటానికి చిన్నది. ఒక కుర్రాడు సీజనులో ఇలాంటి పందేలు 20 కాశాడనుకోండి. పది గెలిచాడు, పది ఓడాడు. వచ్చింది 1,000, పోయింది 1,100. సగం సరిగ్గా చెప్పి కూడా 100 డాలర్లు నష్టపోయాడు. లాభమూ నష్టమూ లేకుండా బయటపడాలంటే 21 పందేల్లో 11 గెలవాలి. వినడానికి సులువు. కానీ రెండు వైపులా డబ్బు పడేలా జాగ్రత్తగా పెట్టిన అంకెల మీద ఆ మాత్రం నిలకడగా గెలవగలిగేవాళ్లు చాలా తక్కువ. మీ అబ్బాయి గురించి ఆలోచించేటప్పుడు ఈ లెక్కను దగ్గర పెట్టుకోండి.

రెండో నిలువు వరుస ML, మనీలైన్. ఇందులో తేడాతో పని లేదు. ఎవరు గెలుస్తారు, అంతే. మీరు మొదటి నుంచీ పందెం అంటే ఇదే అనుకున్నారు. కానీ బలమైన జట్టును ఎవరైనా ఎంచుకుంటారు కనుక ఇక్కడ సమానం చేసేది పాయింట్లతో కాదు, ధరతో. ర్యామ్స్ -200 అంటే 100 లాభం కోసం 200 పెట్టాలి. బెంగల్స్ +170 అంటే లెక్క తిరుగుతుంది. ప్లస్ పక్కన ఉన్న అంకె 100 పెడితే వచ్చే లాభం, అంటే 170. ప్లస్, మైనస్ గుర్తులను రెండు వేర్వేరు దిక్కుల్లో చదవాలి, కొత్తవాళ్లందరూ మొదట తడబడేది ఇక్కడే.

ఈ ధరల నుంచి ఇంకొకటి తెలుస్తుంది. 200 పెట్టి మొత్తం 300 అందుకోవాలంటే, నష్టం రాకుండా ఉండటానికి ర్యామ్స్ మూడింట రెండు సార్లు గెలవాలి, అంటే సుమారు 67 శాతం. 100 పెట్టి 270 అందుకోవాలంటే బెంగల్స్ 37 శాతం సార్లు గెలవాలి. రెండూ కలిపితే 104. ఒక ఆటలో ఇద్దరి అవకాశాలూ కలిపితే 100 మించకూడదు కదా. ఆ ఎక్కువైన నాలుగు శాతం నడిపేవాళ్ల వాటా. -110లో బయటికి కనిపించేది మనీలైన్‌లో ఇలా లోపల దాక్కుని ఉంటుంది.

మూడోది టోటల్. రెండు జట్ల పాయింట్లూ కలిపి 48.5 కంటే ఎక్కువ వస్తాయా, తక్కువ వస్తాయా. O అంటే ఓవర్, ఎక్కువ. U అంటే అండర్, తక్కువ. పట్టికలో O అనేది ర్యామ్స్ వరుసలో, U అనేది బెంగల్స్ వరుసలో ఉండటం చూసి ఒక్కో జట్టు పాయింట్లని చాలామంది పొరబడతారు. అది కేవలం చోటు కోసం. ఓవర్ పై వరుసలో, అండర్ కింది వరుసలో రాయడం అలవాటు, జట్టుతో సంబంధం లేదు.

మన మూడో కుర్రాడు ఆ రాత్రి పడిన పాట్లు మొదటి అతని కంటే ఎక్కువ. మూడో భాగం ముగిసేసరికి 20, 16 కలిపి 36 పాయింట్లు వచ్చాయి. చివరి పావుగంటలో 13 వస్తే చాలు, రెండు టచ్‌డౌన్లు. వచ్చింది ఒక్కటే. 43 దగ్గర ఆగింది, అండర్ గెలిచింది. టోటల్ కాసినవాడికి ఏ జట్టూ సొంతం కాదు. ఎవరు పాయింటు తెచ్చినా సంతోషిస్తాడు, ఇరుపక్షాలూ బాగా అడ్డుకుంటుంటే విసుక్కుంటాడు. మీ హాల్లో ఎవరైనా రెండు జట్లకూ చప్పట్లు కొడుతుంటే అతని చేతిలో ఓవర్ ఉందని అనుకోవచ్చు. ఆట సమానంగా ముగిసి అదనపు సమయానికి వెళ్తే, అక్కడ వచ్చే పాయింట్లు కూడా ఈ మూడు పందేల్లోనూ లెక్కకు వస్తాయి. చివరి నిమిషంలో ఫీల్డ్ గోల్‌తో బెంగల్స్ 23-23 చేసి ఉంటే ఈ కుర్రాడికి మళ్లీ ఊపిరి వచ్చేది.

అంకెల సంగతి ఇంతే. ఇక మీ అబ్బాయి.

అతను చేస్తున్నది చట్టవిరుద్ధం కాదు. అమెరికా సుప్రీంకోర్టు 2018 మే నెలలో క్రీడా పందేల మీద ఉన్న కేంద్ర నిషేధాన్ని కొట్టివేసింది. ఆ కేసును సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లి గెలిచినది న్యూజెర్సీ రాష్ట్రమే. మరుసటి నెల నుంచే అక్కడ పందేలు అనుమతించారు, 21 ఏళ్లు నిండిన వాళ్లు ఫోన్లోనే కాయవచ్చు. మన ఊళ్లో క్రికెట్ బెట్టింగ్ అనగానే పోలీసులు, బుకీలు, పరువు అని మీ మనసులో మెదిలేదంతా అతని చుట్టూ లేదు. అతని స్నేహితులకు అది సినిమా టికెట్టు కొన్నంత మామూలు విషయం. అయితే చట్టం ఒప్పుకున్నదని డబ్బు పోకుండా ఉండదు. మీ భయంలో అర్థం ఉంది. ఆ భయాన్ని ఏ రూపంలో అతని ముందు పెడతారన్నదే ప్రశ్న.

మీరు ఏమీ అడగకుండా ఊరుకోవచ్చు. మీ ఆవిడ కోరుతున్నది అదే, దానివల్ల ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అతను వారానికి పది ఇరవై డాలర్లతో సరదా పడుతున్నవాడైతే ఏ నష్టమూ లేదు. కానీ మీ అనుమానం తీరదు, ప్రతి ఆదివారం ఆట కాకుండా అతని మొహం చూస్తూ కూర్చుంటారు. అతనికి అది తెలుస్తుంది. తరువాత మీరున్నప్పుడు స్నేహితులను పిలవడం మానేస్తాడు, లేదా తనే వేరే ఇంటికి వెళ్తాడు.

లేదా సూటిగా ఎంత పోయిందని అడగవచ్చు. సంపాదిస్తున్న పెళ్లైన కొడుకును, భార్య ఎదుట, ఓడిన పూట అలా అడిగితే అంకె తగ్గించి చెప్పడం మానవ సహజం. ఒకసారి తగ్గించి చెప్పాక దాన్ని నిలబెట్టుకోవడానికి మరొకటి చెప్పాల్సి వస్తుంది. ఈ విషయంలో మీ ఆవిడ మాటలో సగం ఒప్పుకుంటాను. కోడలి ముందు వద్దు, ఓడిన రోజు వద్దు. కానీ అసలే వద్దన్న మిగతా సగం ఒప్పుకోను. న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో ఒక మిత్రుడి ఇంట్లో అందరం ఏడాదిపాటు మర్యాదకు ఊరుకున్నాం. అడిగే వేళకు అతని క్రెడిట్ కార్డు అప్పు ఇంటి అద్దె కట్టలేనంతగా పెరిగింది. ముందే అడగనందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

మూడో దారి ఆట ద్వారా వెళ్లడం. అతని పక్కన కూర్చుని, ఈ వారం తను ఏ అంకె తీసుకున్నాడో నేర్పమని అడగండి. కొడుకు తండ్రికి ఒక విషయం నేర్పే అవకాశం అరుదుగా వస్తుంది, ఆనందంగా చెబుతాడు. ఇది నిదానమైన దారి, ఒక్క ఆదివారంతో తేలదు. అతను దాచాలనుకుంటే ఇందులోనూ దాచగలడు. కానీ మీరు వినేటప్పుడు మొత్తం కంటే తీరును గమనించవచ్చు. ఆటకు ముందు ఒక పందెం కాసి, ఓడితే నిట్టూర్చి, భోజనానికి లేచేవాడి గురించి నేను దిగులు పడను. ఓడిన వెంటనే, దాన్ని రాబట్టుకోవడానికి తరువాతి ఆట మీద రెట్టింపు పెట్టేవాడి గురించి పడతాను. ఆట నడుస్తుండగా నిమిషానికోసారి ఫోను తీసి కొత్త పందెం కాయడం, ఫోను తెర భార్యకు కనిపించకుండా తిప్పుకోవడం, తనకు ఏమీ తెలియని ఆటల మీద అర్ధరాత్రి కాయడం, స్నేహితుల దగ్గర బదులు తీసుకోవడం, వీటిలో ఏ రెండు కనిపించినా ఊరుకోకండి.

పార్లే అనే మాట వినిపిస్తే కూడా చెవి పెట్టండి. రెండు మూడు పందేలను ఒకదానికొకటి ముడివేసి, అన్నీ గెలిస్తేనే డబ్బు వచ్చేది అది. -110 ధరవి రెండు కలిపి 100 డాలర్లు పెడితే లాభం సుమారు 264. రెండు నాణేలు ఎగరేసి రెండూ బొమ్మ పడాలంటే నాలుగింట ఒక్కసారే జరుగుతుంది, న్యాయంగా లాభం 300 ఉండాలి. ముడివేసే కొద్దీ పోయే వాటా పెరుగుతుంది. పెద్ద మొత్తం ఊరిస్తుంది కనుక నష్టంలో ఉన్నవాళ్లు దాని వైపే వెళ్తారు.

ఆ గుర్తులు కనిపిస్తే, అప్పుడు సూటిగా, ఒంటరిగా, ఆట లేని రోజున మాట్లాడండి. ఎంత పోయిందని కాకుండా, ఖాతాలో సీజను మొదటి నుంచి వేసిన డబ్బు, తీసిన డబ్బు చూపించమని అడగండి. యాప్‌లో ఆ చరిత్ర ఉంటుంది. గెలిచిన పందేలు జ్ఞాపకం ఉండటం, ఓడినవి మరచిపోవడం అందరికీ జరుగుతుంది కాబట్టి, చాలామంది తమ మొత్తాన్ని తామే మొదటిసారి చూసి నిర్ఘాంతపోతారు. వారానికి ఇంత కంటే ఎక్కువ వేయలేకుండా తనే పరిమితి పెట్టుకునే వీలు కూడా ఆ యాప్‌లోనే ఉంది. అది చాలదనిపిస్తే, రాష్ట్రంలో ఏ చోటా తన పందెం తీసుకోకుండా స్వచ్ఛందంగా పేరు నమోదు చేయించుకోవచ్చు. 1-800-GAMBLER కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. కాస్తున్నవాళ్లే కాదు, వాళ్ల కుటుంబసభ్యులూ మాట్లాడవచ్చు. అప్పులు కనిపిస్తే మీరు వెంటనే డబ్బు ఇచ్చి తీర్చేయకండి. ఆ ఖాతా మూయకముందు ఇచ్చిన డబ్బు మళ్లీ అక్కడికే చేరడం నేను చూశాను.

మీకోసం ఒక చిన్న హెచ్చరిక. సరదాగా మీ తరఫున అతని ఫోనులో పందెం కాయమని అడగకండి. ఆ ఖాతా ఒక్క మనిషి పేరు మీద ఉంటుంది, మరొకరి కోసం కాయడం నిబంధనలకు విరుద్ధం. తెనాలి తిరిగి వెళ్లాక ఫోనులో వెతికి చూద్దామని కూడా అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేలను 2020లోనే చట్టం నిషేధించింది.

నేనైతే మూడో దారితో మొదలుపెడతాను. వచ్చే ఆదివారం ఆట మొదలయ్యే ముందు తెర మీద పట్టిక వస్తుంది. మైనస్ ఉన్న జట్టు ఏదో, అంకె 3కు ఏ పక్కన ఉందో చూసుకోండి. తరువాత మీ అబ్బాయి వైపు తిరిగి, ‘ఎన్ని పాయింట్లు ఇచ్చావురా?’ అని అడగండి. ఎంత డబ్బు అని కాదు, ఎన్ని పాయింట్లు అని. ఆ ప్రశ్న మీ నోటి నుంచి విని అతను మీ వైపు ఎలా చూస్తాడో, ఏం చెబుతాడో నాకు మళ్లీ రాయండి.